నైటీ గుడ్డ హోల్‌సేల్‌లో కొనేటప్పుడు రేటు, గడువు ఎలా మాట్లాడుకోవాలి?

ప్రశ్న: గాజువాకలో ఎనిమిది మిషన్లతో నైటీలు కుట్టిస్తున్నాను. జేత్‌పూర్ కాటన్ ప్రింట్ ఏజెంటు ద్వారా 3,000 మీటర్ల చొప్పున తెప్పిస్తాను. మీటరు 62 రూపాయలు, 60 రోజుల అప్పు. రేటు తగ్గించమంటే అప్పు ఆపేస్తారేమోనని టెన్షన్. ఎలా అడగాలి?

జవాబు: మాది గోపాలపట్నం, మేమూ నైటీలే. మొదటి రెండేళ్లు నేనూ రేటు తగ్గించమనే బతిమాలేదాన్ని. తర్వాత తెలిసింది, ఆ 62లో గుడ్డ ధర వేరు, వడ్డీ వేరు అని. అందుకే ముందు తగ్గించమని అడక్కండి. "సరుకు అందగానే డబ్బు వేస్తే రేటెంత?" అని మాత్రం అడగండి. మాకు అప్పట్లో 60 చెప్పారు. అంటే రెండు నెలల అప్పుకు 60 రూపాయల మీద 2 రూపాయలు, నూటికి నెలకు రూపాయి అరవై ఆరు పైసల వడ్డీ పడుతోందన్నమాట. బ్యాంకులో నా సీసీ ఖాతాకు పడేది రూపాయి వడ్డీ. జీఎస్టీ పక్కన పెడితే, 3,000 మీటర్లకు వాళ్ల అప్పు ఖరీదు 6,000 రూపాయలు, అదే డబ్బు బ్యాంకులో తీస్తే 3,600. మీకు సీసీ లేక బయట రెండు రూపాయల వడ్డీకి తేవాల్సి వస్తే మాత్రం ఏజెంటు అప్పే చవక. అప్పుడు రేటు జోలికి పోకుండా గడువు మీదే మాట్లాడండి.

గడువు దగ్గర నేను దెబ్బతిన్నది రోజుల లెక్కలో. 60 రోజులు బిల్లు తేదీ నుంచి లెక్కేస్తారు. సరుకు లారీలో వైజాగ్ చేరి, పార్సిల్ ఆఫీసులో విడిపించేసరికి ఒకసారి 11 రోజులు పట్టింది. చేతిలో మిగిలింది 49. మాకు కటింగ్, కుట్టు, ప్యాకింగ్‌కి 15 రోజులు, విజయనగరం, శ్రీకాకుళం షాపుల నుంచి డబ్బు రావడానికి ఇంకో 40. అంటే 55 రోజులు కావాలి. ఆ ఆరు రోజుల కోసం ఎవరో ఒకరి దగ్గర చేబదులు. మీరూ మీ రోజులు ఇలా కాగితం మీద వేసుకుని, "సరుకు విడిపించిన రోజు నుంచి లెక్క" అని అడగండి. రేటు కంటే దీనికి తేలిగ్గా ఒప్పుకుంటారు.

నా సీసీలో లక్షకు మించి ఖాళీ ఉండేది కాదు. అందుకని సరుకు విడిపించిన వారంలో సగం డబ్బు, మిగతా సగం విడిపించిన 60 రోజులకు అన్నాను. ఆ లెక్కన 61 పడాలి. రెండు నెలలకోసారి 3,000 మీటర్లు, ఏడాదికి 18,000 తీసుకుంటామని మాటిచ్చి 60.75కి ఒప్పించాను. ఆ పావలా కోసం అరగంట ఫోన్లో! ఏజెంటు గారు చివరికి "మేడమ్, సేఠ్ నన్ను తిడతాడు" అంటూనే రాసుకున్నారు. ఒప్పుకున్నదంతా వాట్సాప్‌లో పెట్టించుకోండి.

రేటు తగ్గిన తర్వాతి లోడే అసలు జాగ్రత్తగా చూడాల్సింది. నాకు 44 పన్నా అని పంపిన గుడ్డ వాడకానికి 42.5 అంగుళాలే వచ్చింది. తానును కటింగ్ టేబుల్ మీద పరిచి, మొదట్లో, మధ్యలో, చివర స్టీల్ టేపుతో కొలవండి. అంచుల పక్కన వరసగా సూది బెజ్జాలు కనిపిస్తాయి, ప్రాసెసింగ్‌లో గుడ్డను లాగి పట్టినప్పుడు పడేవి. వాటి లోపలి వెడల్పే మీకు పనికొచ్చేది. మా నైటీకి 2.90 మీటర్లు పట్టేది ఆ గుడ్డతో 3 మీటర్లు పట్టింది. 3,000 మీటర్లలో 1,034 నైటీలు రావాల్సింది, వెయ్యే వచ్చాయి. నేను బేరమాడి మిగుల్చుకున్నదానికంటే ఆ 34 నైటీల విలువ ఎక్కువ. అడిగితే, "కత్తెర పడ్డాక క్లెయిమ్ లేదు" అన్నారు. బిల్లు కింద కూడా అదే అచ్చు వేసి ఉంది, నేనే చదవలేదు.

అప్పట్నుంచి ఆర్డరులోనే "వాడకానికి వచ్చే పన్నా 44, తగ్గితే ఆ మేరకు మీటరు రేటు తగ్గింపు" అని రాయిస్తున్నాను. సరుకు దిగిన మూడు రోజుల్లో పది తాన్లు కొలిచి, టేపు కనిపించేలా ఫొటో తీసి పంపాకే కత్తెర పెడతాం. సగం డబ్బుకు వారం గడువు పెట్టుకున్నది కూడా ఇందుకే. కొలత తేడా వస్తే ఇంకా మన చేతిలోనే ఉన్న డబ్బులోంచి తగ్గించి వేస్తాం, లేదంటే ఇచ్చిన డబ్బు వెనక్కి అడుక్కోవాలి.