స్మోక్, రిగ్రెషన్ కేసుల్ని విడివిడి ఫోల్డర్లలో పెట్టాలా?

"మా టెస్ట్ కేసులన్నీ స్మోక్, రిగ్రెషన్, స్ప్రింట్‌ల పేరుతో ఫోల్డర్లలో ఉన్నాయి. ఒకే కేసు రెండు మూడు చోట్ల కాపీ అయిపోయింది. ఎలా సర్దుకోవాలి?"

సూట్ అనేది "ఇది యాప్‌లో ఏ భాగం" అన్నదానికి మాత్రమే జవాబు చెప్పాలి. లాగిన్, కార్ట్, పేమెంట్స్, రిటర్న్స్, అంతే. "ఎప్పుడు నడపాలి" అనేది ట్యాగ్ పని. మేం టెస్ట్‌రైల్ వాడతాం. ట్యాగుల కోసం అందులో ఒక మల్టీసెలెక్ట్ కస్టమ్ ఫీల్డ్ పెట్టుకున్నాం. టైప్ చేసే ఫీల్డ్ పెడితే `smoke`, `Smoke`, `smoke-test` మూడూ పుట్టుకొస్తాయి, ఫిల్టర్‌లో సగం కేసులు కనపడవు.

ఉదాహరణకు "యూపీఐతో ఆర్డర్ పూర్తవ్వాలి" అనే కేసు పేమెంట్స్‌లో ఒక్కచోటే ఉంటుంది, `smoke`, `regression` రెండు ట్యాగులతో. "యూపీఐ టైమౌట్ అయితే ఆర్డర్ పెండింగ్‌లో ఉండాలి" అన్నదానికి `regression` ఒక్కటే. రేపు ఓటీపీ 4 అంకెల నుంచి 6 అంకెలకు మారినా దిద్దాల్సిన కాపీలు ఉండవు. స్ప్రింట్ నంబర్‌ని మాత్రం ట్యాగ్ చేయకండి, అది రన్ పేరులో ఉండాల్సిన విషయం.

ఫలితం కేసుది కాదు, రన్‌ది. అందుకే బిల్డ్ మారినప్పుడల్లా కొత్త రన్ తెరవండి: "2.14.0 RC1 స్మోక్" లాగా. పాత రన్‌లోనే ఫలితాలు మార్చుకుంటూ పోతే ఏ బిల్డ్‌లో ఫెయిలైందో తర్వాత ఎవరూ చెప్పలేరు. ఇంకోటి, కొత్త రన్ తెరిచేటప్పుడు "Include all test cases" ఎంచుకుంటే, ఆ తర్వాత సూట్‌లో ఎవరు కొత్త కేసు రాసినా అది తెరిచి ఉన్న ఆ రన్‌లోకి వచ్చేస్తుంది. రిలీజ్ రోజు సాయంత్రం Untested సంఖ్య పెరిగిపోతుంటే టెన్షన్ పడే ముందు ఇది చూడండి. పని అయ్యాక రన్‌ని క్లోజ్ చేయండి. అప్పుడు తర్వాత కేసులో ఏం దిద్దినా ఆ రికార్డు మారదు.

షేర్డ్ స్టెప్స్ విషయంలో కాస్త పిసినారిగా ఉండటం మంచిదని నా అభిప్రాయం. "నంబర్ ఇచ్చి, ఓటీపీ కొట్టి, హోమ్ పేజీకి రావడం" లాంటి దారి స్టెప్పులకే అవి బాగుంటాయి. కేసు దేన్ని పరీక్షిస్తోందో ఆ స్టెప్, కూపన్ కోడ్ లాంటి డేటా కేసులోనే ఉండాలి. లేదంటే ఎవరో తన కేసు కోసం షేర్డ్ స్టెప్‌లో కోడ్ మారుస్తారు, అది వాడుకునే మిగతా కేసులన్నీ మారిపోతాయి. ఫెయిలైనది యాప్ వల్లో, స్టెప్ వల్లో తెలీక బగ్ మీద వాదన మొదలవుతుంది. ఒక షేర్డ్ స్టెప్‌ని దిద్దే ముందు, అది ఏయే కేసుల్లో ఉందో చూపించే జాబితా తెరిచి చూడటం మా టీమ్‌లో అలవాటు.

ఇప్పుడున్న కాపీల్ని వెంటనే డిలీట్ చేయకండి, తెరిచి ఉన్న రన్‌లలోంచి కూడా అవి ఫలితాలతో సహా పోతాయి. ముందు ఆ రన్‌లు క్లోజ్ చేసి, ఒక్కో కేసుకు ఈమధ్య దిద్దిన కాపీని ఉంచుకుని, ట్యాగులు పెట్టి, ఆ తర్వాత మిగతావి తీసేయండి.