బొప్పాయి ముక్కలు తిన్నానని భయపడుతున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి రేవతికి, తిరుపతి నుండి నీ మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

ఏడో వారంలో ఉన్న నువ్వు ఆదివారం నాడు బొప్పాయి పండు రెండు ముక్కలు తిన్నావని, అది తెలిసి మీ అత్తగారు రాత్రంతా నిద్రపోలేదని రాశావు. ఆమెను తప్పుపట్టకు. ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసినన్నాళ్లూ "వేడి చేసి కడుపు పోయింది" అన్న మాట నేను విననివారం లేదు. ఆ మాటలో నిజం బొత్తిగా లేకపోలేదు, కాకపోతే అది పచ్చికాయకు చెందినది; దాన్ని జనం పండుకు కూడా అంటగట్టారు.

పచ్చి బొప్పాయికి గోటితో గాటు పెడితే తెల్లటి పాలు కారడం నువ్వూ చూసే ఉంటావు. మాంసం మెత్తబడడానికి పచ్చికాయ ముద్దను కలిపేది ఆ పాలలోని పపైన్ అనే ఎంజైము కోసమే. సింగపూరు పరిశోధకులు 2002లో ప్రచురించిన ఒక పరిశీలనలో, ఎలుకల గర్భాశయ కండరాన్ని బయటికి తీసి దానిపై ఈ పాలు వేసినప్పుడు, నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ వేసినట్టే అది బిగుసుకుంది. పండిన కాయ రసం వేసినప్పుడు మాత్రం బిగుసుకోలేదు. చూలు ఎలుకలకు పండును మేపి చూసినా పిల్లల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇవి ఎలుకల మీద చేసిన పరీక్షలే గనుక మనుషులకు అక్షరాలా వర్తిస్తాయని నేను అనను; అందుకే పచ్చికాయను, దోరకాయను వద్దంటాను, బాగా పండినదాన్ని మాత్రం నిక్షేపంగా తినమంటాను. కాయ పండేకొద్దీ పాలు తగ్గిపోతాయి. తొక్క అంతా పసుపు తిరిగి, వేలితో నొక్కితే మెత్తగా దిగి, తొక్క మీద గాటు పెట్టినా పాలు రాకపోతే అది పండు కిందే లెక్క.

మరి తిన్న రెండు రోజులకే కడుపు పోయినవాళ్ల సంగతేమిటని మీ అత్తగారు అడుగుతారు. నాకు బాగా గుర్తున్న ఒక అమ్మాయి కథ ఆమెకు చెప్పు. ఆరో వారంలో తీసిన స్కానులో బిడ్డ వయసుకు తగ్గ పరిమాణంలో ఉంది, గుండె కొట్టుకుంటోంది. పదో వారంలో రక్తస్రావమై వచ్చింది. మొన్ననే బొప్పాయి తిన్నదని వెంట వచ్చిన ఆడవాళ్లందరూ ఆమెనే తిడుతున్నారు. స్కాను చేస్తే గుండె చప్పుడు లేదు, తల నుండి పిరుదుల దాకా బిడ్డ కొలత పది మిల్లీమీటర్లు. పదో వారానికి ముప్పై దాకా ఉండాలి. పది మిల్లీమీటర్లంటే ఏడో వారం కొలత. అంటే బిడ్డ ఎదుగుదల దాదాపు మూడు వారాల కిందటే ఆగిపోయింది, బొప్పాయి తిన్నది రెండు రోజుల కిందట. లోపల ఆగిపోయిన తరవాత రక్తం కనబడడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఆ మధ్యలో తిన్నదేదైనా సరే, నింద దానిమీద పడుతుంది. ఇడ్లీ తిన్నామని ఎవరూ గుర్తుపెట్టుకోరు, బొప్పాయి తిన్నామని మాత్రం గుర్తుంటుంది. తొలి మూడు నెలల్లో పోయేవాటిలో దాదాపు సగం, బిడ్డ క్రోమోజోముల్లో ఏర్పడిన లోపం వల్లనే పోతాయి. ఆ లోపం చాలామటుకు గర్భం నిలిచేటప్పుడే ఏర్పడుతుంది; దాన్ని కలిగించేది తిండి కాదు, దిద్దగలిగేదీ తిండి కాదు.

అనాస సంగతి ఇంకా తేలిక. అందులో బ్రోమెలైన్ అనే ఎంజైము ఉన్నమాట నిజమే గాని, మాత్రలుగా అమ్మేది ఎక్కువగా మొక్క కాండం నుండి తీసినది. తినే కండలో తక్కువ, పైగా కడుపులోకి వెళ్లినదాన్ని జీర్ణరసాలు చాలావరకు విరగ్గొడతాయి. నాలుగు ముక్కలకు నాలుక చురుక్కుమంటుంది, ఛాతీలో మంట రావచ్చు, అంతే. ఆ మాత్రలను మాత్రం డాక్టరు చెప్పకుండా వేసుకోకు. నువ్వులు కూరల్లో, ఉండల్లో తినేపాటికి గర్భం పోతుందనడానికి ఆధారం లేదు.

నేను నిజంగా భయపడేది తోపుడుబండి మీద పొద్దున్నే కోసి, ఉప్పూ కారం చల్లి మధ్యాహ్నం దాకా ఉంచిన ముక్కలకు. అలా తెరిచిపెట్టిన వాటితోనూ, కాచని పాలతోనూ వచ్చే కొన్ని సూక్ష్మజీవుల జబ్బులు గర్భానికి నిజంగానే చేటు చేస్తాయి. పండును కడిగి, ఇంట్లోనే కోసుకుని, అప్పటికప్పుడు తిను. రక్తంలో చక్కెర ఎక్కువని తేలితే ఎంత తినాలో డాక్టరును అడుగు. రక్తం కనబడినా, పొత్తికడుపులో ఒకవైపు గట్టిగా నొప్పి వచ్చినా, ఏం తిన్నావో లెక్కలు వేసుకుంటూ కూర్చోకుండా ఆ పూటే చిత్తూరులోని ఆస్పత్రికి వెళ్లి స్కాను చేయించుకో. ఈ ఉత్తరం మీ అత్తగారికి చదివి వినిపించు. స్కాను కొలతల సంగతి అర్థం కాకపోతే నాకు ఫోను చేయమను.

ఇట్లు,
నీ మేనత్త