ముందు విడివిడిగా అడుగు, తర్వాతే కలుపు

తమ్ముడికి,

నువ్వు పంపిన మెయిల్ డ్రాఫ్ట్ చూశాను. ఎడిటర్ గారినీ, బొమ్మలు వేసే నీ స్నేహితురాలినీ ఒకే మెయిల్లో పెట్టి, "మీరిద్దరూ తప్పకుండా మాట్లాడుకోవాలి, మిగతాది మీరే చూసుకోండి" అని రాశావు. కింద ఇద్దరి ఫోన్ నంబర్లూ ఇచ్చావు. ఇంకా పంపలేదన్నావు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

అది వెళ్లిందే అనుకో. ఎడిటర్ గారికి ఇప్పుడు ఆర్టిస్టు అవసరం లేకపోతే ఆ మాట ఎక్కడ చెప్పాలి? ఆమె కూడా చదివే మెయిల్లోనే చెప్పాలి. మొహమాటానికి అలా చెప్పలేక, "తప్పకుండా, చూద్దాం" అని రాస్తారు. మన దగ్గర ఆ మాటకి సగం సార్లు 'వద్దు' అనే అర్థం. కానీ పని కోసం చూస్తున్న మనిషికి అది 'సరే' లాగే వినిపిస్తుంది. ఆమె నాలుగు బొమ్మలు కొత్తగా వేసి పంపుతుంది, వారం ఆగి ఫోన్ చేస్తుంది, ఆయన ఎత్తరు. చివరికి ఇద్దరికీ నీ మీదే విసుగు.

అందుకని ముందు ఆమెను అడుగు. పని కావాల్సింది ఆమెకే కదా, అడగడం దేనికి అనుకోకు. చేతిలో వేరే పని ఉండొచ్చు, పిల్లల పుస్తకాలకి వేయడం ఇష్టం లేకపోవచ్చు. ఎడిటర్ గారి పేరు మాత్రం ఇప్పుడే చెప్పకు. "పిల్లల పుస్తకాలు వేసే ఒక ఎడిటర్ తెలుసు, నీ గురించి చెప్పనా?" అంటే చాలు. ఆమె సరేనంటే, తన గురించి నాలుగైదు వాక్యాలు తననే రాసిమ్మను. ఎలాంటి బొమ్మలు వేస్తుంది, ఒక పుస్తకానికి ఎంత టైమ్ పడుతుంది, ఎప్పటినుంచి చేయగలదు, బొమ్మలు ఎక్కడ చూడొచ్చు అనేవి అందులో ఉండాలి. నువ్వే రాస్తే పెళ్లిళ్ల పేరయ్య పెళ్లికొడుకు గురించి చెప్పినట్టు ఉంటుంది. పైగా ఆమె ఇవ్వలేని గడువు నీ చేతి మీదుగా వెళ్లిపోవచ్చు.

బొమ్మలు అటాచ్ చేయొద్దు, లింక్ ఇవ్వు. గూగుల్ డ్రైవ్ లింక్ అయితే పంపే ముందు ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడు. సైన్ ఇన్ చేయమనో, Request access అనో వచ్చిందంటే ఆయనకీ బొమ్మలు తెరుచుకోవు. పర్మిషన్ అడిగి, అది వచ్చేదాకా ఆగి బొమ్మలు చూసే ఎడిటర్ని నేనింతవరకు చూడలేదు.

తర్వాత ఎడిటర్ గారికి విడిగా రాయాలి. నేనైతే సబ్జెక్ట్ లైన్లోనే "ఒక చిత్రకారిణిని పరిచయం చేయనా? అవసరం లేకపోతే జవాబు అక్కర్లేదు" అని పెడతాను. లోపల ఇలా రాస్తాను:

"నమస్కారం సార్. మొన్న కలిసినప్పుడు, పిల్లల కథల పుస్తకానికి బొమ్మలు టైముకి అందడం లేదన్నారు. నాకు తెలిసిన ఒక చిత్రకారిణి ఉన్నారు. కాలేజీ పత్రికకి ఇద్దరం రెండేళ్లు కలిసి పనిచేశాం. ఇస్తానన్న రోజుకి బొమ్మ ఇచ్చేవారు. పూర్తి పుస్తకానికి మాత్రం ఇంతవరకు వేయలేదు. తన గురించి ఆమె రాసిన నాలుగు మాటలూ, బొమ్మల లింకూ కింద పెట్టాను. చూసి, బాగుందనిపిస్తే 'సరే' అని ఒక్క మాట రాయండి, ఇద్దరినీ ఒక మెయిల్లో కలుపుతాను. ఇప్పుడు అవసరం లేకపోతే జవాబు రాయనక్కర్లేదు. మీ పేరు ఆమెకి చెప్పలేదు."

మొదటి వాక్యం ఆయన ఇబ్బంది గురించే ఉందని గమనించావా? "ఆమెకి మంచి అవకాశం అవుతుంది" అని మొదలుపెడితే ఆయనకి అది సిఫారసు ఉత్తరంలా కనిపిస్తుంది. ఆమెకి ఏం లాభమో ఆయనకి చెప్పక్కర్లేదు, ఆమెకి విడిగా చెప్పుకోవచ్చు. "పూర్తి పుస్తకానికి వేయలేదు" అన్న మాట తీసేయాలనిపిస్తుంది నీకు. తీయకు. ఆయనకి ఎలాగూ తెలుస్తుంది, అప్పుడు నువ్వు చెప్పిన మిగతా మంచి కూడా అనుమానంలో పడుతుంది. నీ కళ్లతో చూసింది టైముకి బొమ్మ ఇవ్వడం ఒక్కటే అయితే, ఆ ఒక్కటే చెప్పు.

ఆ చివరి వాక్యమే ఆయన్ని మొహమాటం నుంచి బయటపడేస్తుంది. ఆమెకి తన పేరే తెలియనప్పుడు, జవాబు ఇవ్వకపోయినా ఎవరినీ చిన్నబుచ్చినట్టు కాదు. ఇంకొక సంగతి: జవాబు అక్కర్లేదని రాశాక వారం తిరక్కుండా "చూశారా సార్?" అని గుర్తు చేయకూడదు. పది రోజుల్లో ఏమీ రాకపోతే వద్దన్నట్టే లెక్క. ఆమెకి మాత్రం "అక్కణ్ణుంచి జవాబు రాలేదు, ఇంకోచోట చూద్దాం" అని ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఒకవేళ ఆయన ఫలానా కారణంతో వద్దని రాస్తే, ఆ కారణం నీ దగ్గరే ఉంచుకో. ఆయన చెప్పమంటే తప్ప ఆమెదాకా మోయకు.

ఆయన సరేనన్నారనుకో. చాలామంది ఇక్కడ తొందరపడి వెంటనే కలిపేస్తారు. ఆగు. ఆమె సరేనంది 'ఒక ఎడిటర్' అన్న మాటకి, ఈ మనిషికి కాదు. ఆ సంస్థలో డబ్బులు ఆలస్యంగా వస్తాయని ఆమె ఎక్కడో విని ఉండొచ్చు. ఇప్పుడు పేరు చెప్పి, "కలపనా? వద్దనిపిస్తే చెప్పు, నేను చూసుకుంటాను" అని అడుగు. ఆమె వద్దంటే ఆయనకి "ఆమెకి ఇప్పుడు వీలుపడటం లేదట సార్" అని ఒక్క లైను రాస్తే సరిపోతుంది.

ఇద్దరూ సరేనన్నాక రాసే మెయిల్ ఐదారు లైన్లు దాటదు. అది కొత్తగా మొదలుపెట్టు, ఎడిటర్ గారి జవాబును ఫార్వర్డ్ చేయకు. జీమెయిల్లో ఆ మూడు చుక్కలు నొక్కితే కింద పాత సంభాషణంతా తెరుచుకుంటుంది. వేరే ఆర్టిస్టు గురించి ఆయన నీతో అన్న మాట ఆమె ఎందుకు చదవాలి? ఇద్దరి అడ్రసులూ To లోనే పెట్టు. సబ్జెక్టులో ఇద్దరి పేర్లూ, 'పిల్లల పుస్తకానికి బొమ్మలు' అన్న మాటా ఉంటే ఆరు నెలల తర్వాత వెతికినా దొరుకుతుంది. లోపల ఒక్కొక్కరి గురించి ఒక్కో వాక్యం, ఆ తర్వాత ఎవరు ముందు రాయాలో: "ఈ వారంలో ఆమె మీకు రాస్తారు సార్. ఇద్దరికీ కుదిరితే చేయండి, కుదరకపోతే నా గురించి ఆలోచించకండి." ఎవరు రాయాలో చెప్పకపోతే, అవతలివాళ్లు రాస్తారులే అని ఇద్దరూ కూర్చుంటారు. రేటు సంగతి ఎత్తకు, అది వాళ్లిద్దరి వ్యవహారం. ఫోన్ నంబర్లు కూడా వాళ్లే ఇచ్చుకుంటారు.

ఆమె జవాబు రాసేటప్పుడు నిన్ను BCC లోకి మార్చమని ముందే చెప్పు. అలా చేస్తే ఆ ఒక్క మెయిల్ నీకు అందుతుంది, మాట కలిసిందని తెలుస్తుంది. ఆ తర్వాత ఆయన 'రిప్లై ఆల్' కొట్టినా నీకు రాదు.

ఇదంతా ఎందుకు, ముగ్గురితో వాట్సాప్ గ్రూప్ పెట్టేస్తే పోదా అని మొన్న ఒకాయన నన్నడిగారు. పెట్టగానే ఒకరి నంబర్ ఇంకొకరికి వెళ్లిపోయినట్టే. అందులోంచి ఎవరైనా బయటికి వస్తే ఆ సంగతి గ్రూప్ అడ్మిన్‌కి తెలుస్తుంది.

టైమ్ ఒకటి చూసుకో. డిసెంబర్లో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడది. వాటికి ముందు ఎడిటర్లు ప్రూఫులతోనూ ప్రెస్సుతోనూ ఊపిరాడకుండా ఉంటారు. నీ మెయిల్ సంక్రాంతి దాటాక పంపు. ఈలోపు ఆమె రాసిచ్చే నాలుగు వాక్యాలు రాగానే నాకొకసారి చూపించు. 'అద్భుతంగా' లాంటి మాటలుంటే తీసేద్దాం.

మీ అన్నయ్య