ఫోటోలోంచి ఈఎంఐ షెడ్యూల్ తీసి, వడ్డీ సరిచూడటం ఎలా?

"పర్సనల్ లోన్ 2 లక్షలు, 12%, 24 నెలలు. స్టేట్‌మెంట్ ఫోటో మాత్రమే ఉంది. అంకెలు ఎక్సెల్‌లోకి ఎలా తేవాలి, మొదటి నెల వడ్డీ 2,630 ఎందుకు?"

కాగితాన్ని చదునుగా పరిచి నీడ పడకుండా మళ్లీ ఫోటో తీసి, గూగుల్ లెన్స్‌తో టెక్స్ట్ కాపీ చేసి షీట్‌లో పెట్టండి. A తేదీ, B వడ్డీ, C అసలు, D బ్యాలెన్స్. కామాలు తీసేయండి, లేకపోతే షీట్ వాటిని అంకెలుగా తీసుకోకపోవచ్చు. D2లో 200000 వేసి, మొదటి కిస్తీని 3వ వరుసలో మొదలుపెట్టి, E3, F3లలో ఇవి రాసి కిందికి లాగండి:

```
=D2-C3-D3
=B3-D2*12%/12
```

E సున్నా రావాలి. D3లో రావాల్సిన 1,92,585ని లెన్స్ 1,97,585గా చదివిందనుకోండి, E3లో -5000, E4లో +5000 వస్తాయి. ఇలా పక్కపక్కనే ఎదురెదురుగా వస్తే అది బ్యాంకు తప్పు కాదు, చదవడంలో వచ్చిన తప్పే. ఒక్క వరుసలోనే తేడా ఉండి, B, C కలిపితే ఈఎంఐ 9,415 రాకపోతే C అంకెను ఫోటోతో పోల్చండి.

F సున్నాకి రూపాయి అటూ ఇటూ ఉంటే చాలు. మీ 2,630 మాత్రం రోజుల లెక్కలా ఉంది: 200000×12%×40/365 = 2,630. డబ్బు మీ ఖాతాలో పడిన రోజు నుంచి మొదటి కిస్తీకి సరిగ్గా 40 రోజులుంటే అది న్యాయమైన వడ్డీయే, 30 రోజులే ఉంటే బ్రాంచికి రాతపూర్వకంగా అడగండి. రెండో నెల నుంచి కూడా వడ్డీ తగ్గకుండా ప్రతి నెలా 2,000 ఉంటే, అది ఫ్లాట్ రేటు.