నాన్నకి చెప్పమని అమ్మకి చెప్పకండి

"మేడమ్, నాన్నకి 67 ఏళ్లు. రైస్ మిల్లులో 30 ఏళ్లు పనిచేశారు. కుడి చెవి దాదాపు వినపడదు, ఎడమ చెవి కొంచెం నయం. నేను బెంగళూరులో ఉంటాను. ఫోన్ చేస్తే అమ్మే తీసి 'ఆయనకి వినపడదులే, నాతో చెప్పు' అంటుంది. నా ఉద్యోగం పోయిన సంగతి అమ్మకి చెప్పి, నాన్నకి చెప్పమన్నాను. ఆయన కంగారు పడతారని అమ్మ చెప్పలేదు. రెండు నెలలకి బాబాయి నోట విని, అప్పట్నించీ నాన్న నాతో మాట్లాడటం మానేశారు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆయన శాంసంగ్ ఫోన్‌లో లైవ్ క్యాప్షన్, మోనో ఆడియో, ఫ్లాష్ అన్నీ ఆన్ చేసి వచ్చాను. ఏదీ పనిచేయట్లేదట. ఐఫోన్ కొనిస్తే మేలా?"

వద్దు. ఆ డబ్బుతో నాన్నని ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఆడియోగ్రామ్ తీయించండి. మిల్లు చప్పుడు వల్ల గానీ వయసు వల్ల గానీ వినికిడి తగ్గితే, మామూలుగా రెండు చెవులూ ఇంచుమించు ఒకేలా తగ్గుతాయి. ఒక్క కుడి చెవే అంతగా పోయిందంటే కారణం వేరే ఉండొచ్చు, అది డాక్టరు చూసి తేల్చాలి. ఎడమ చెవికి మిషన్ పెడితే ఎంత ఉపయోగమో కూడా ఆ పరీక్షలోనే తెలుస్తుంది. ఐఫోన్ మాట ఇక్కడితో వదిలేయండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఒకే ఒక్క మాట, 'నాన్నకి చెప్పమన్నాను' అన్నది. ఆయన అలక చెవుల గురించి కాదు. కన్నకూతురు ఉద్యోగం పోయిన సంగతి తమ్ముడి నోట వినాల్సి వచ్చింది ఆయన. అమ్మ దాచడం తప్పే. కానీ ఆ పని ఆవిడకి అప్పగించింది మీరు. ఆవిడతో మాట్లాడితే రెండు నిమిషాల్లో అయిపోతుంది, ఆయనతో అయితే పావుగంట పడుతుంది. ఆ పావుగంట మిగుల్చుకోవడానికి మీరిద్దరూ కలిసి ఇంటి పెద్దని పక్కన కూర్చోబెట్టారు. తండ్రికి చెప్పాల్సిన కబురు తండ్రికే చెప్పాలి. ఈ విషయంలో నేను ఎవరి కష్టానికీ మినహాయింపు ఇవ్వను.

అలాగని అమ్మ మీద విరుచుకుపడకండి. పొద్దుట లేచింది మొదలు ప్రతి మాటా నాలుగుసార్లు చెప్పడం ఎంత విసుగో ఆవిడకే తెలుసు. ఆవిడకి తెలియనిది ఇంకొకటుంది. ఇలాంటి చెవికి మాట వినపడుతుంది, కానీ విడిపడదు. అచ్చులు అందుతాయి, క, త, ప, స లాంటి సన్నని హల్లులు జారిపోతాయి. 'పప్పు', 'తప్పు', 'కప్పు' మూడూ ఆయనకి ఒకేలా వినిపిస్తాయి. అరిస్తే అచ్చే పెద్దదవుతుంది, హల్లు తేలదు. పైగా మొహంలో కోపం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. వెలుతురు మొహం మీద పడేలా ఎదురుగా కూర్చుని, మామూలు గొంతుతో నిదానంగా చెప్పాలి. రెండోసారి అడిగితే అదే మాట తిప్పి చెప్పకుండా వేరే మాటలో చెప్పాలి. 'పప్పు' అందకపోతే 'కందిపప్పు అయిపోయింది, కొట్టుకెళ్లాలి' అంటే ఆయనే పట్టుకుంటారు.

ఇక మీరు ఆన్ చేసి వచ్చినవి. పనిచేయలేదంటే అది వాటి లోపం కాదు. ఏది దేనికో చెప్పకుండా చేతిలో పెట్టి బస్సెక్కారు మీరు.

మోనో ఆడియో ఫోన్ కాల్‌కి చేసేదేం లేదు. కాల్‌లో గొంతు మొదట్నించీ ఒకటే. ఆ సెట్టింగు పాటల కోసం, సినిమాల కోసం. స్టీరియోలో కొన్ని వాయిద్యాలు కుడివైపు, కొన్ని ఎడమవైపు పెడతారు. నాన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే కుడివైపు వచ్చేదంతా పోతుంది. ఇన్నాళ్లూ ఆయన విన్నవి సగం పాటలే. Settings లో Accessibility, అందులో Hearing enhancements, అక్కడ Mono audio ఆన్‌లో ఉంటే రెండు వైపులదీ కలిసి ఎడమ చెవికి అందుతుంది. ఈసారి ఆయనకి బాగా తెలిసిన పాత పాట ఒకటి పెట్టి, Mono audio ఆఫ్ చేసి ఒకసారి, ఆన్ చేసి ఒకసారి వినిపించండి. తేడా ఆయనే చెబుతారు.

ఫ్లాష్ కూడా అంతే. లైటు ఫోన్ వెనక ఉంటుంది. నాన్న అందరిలాగే ఫోన్‌ని బల్ల మీద వెల్లకిలా పెడితే అది చెక్క మీదే వెలిగి ఆరిపోతుంది. బోర్లా పెట్టడం అలవాటు చేయండి. లేదా Accessibility లో Advanced settings, Flash notification కింద Screen flash notification కూడా ఆన్ చేస్తే తెరే మెరుస్తుంది. ఎండ పడే అరుగు మీద మాత్రం రెండూ కనిపించవు. అక్కడ కూర్చునేటప్పుడు వైబ్రేషన్ పెట్టి చొక్కా జేబులో వేసుకోవాలి. మూర్ఛ ఉన్నవాళ్లకైతే ఈ మెరుపులు పెట్టకూడదు.

అసలు ఎదురుదెబ్బ తగిలింది క్యాప్షన్ దగ్గర. Live Caption అనేది ఫోన్‌లో మోగే వీడియోల మాటల్ని అక్షరాలు చేస్తుంది. అది కొద్ది భాషలకే ఉంది, తెలుగు మాటలకి దాన్ని నమ్ముకోకండి. మీకు కావలసింది Live Transcribe. అది మైకులో విన్నదాన్ని రాస్తుంది, తెలుగు కూడా రాస్తుంది. కాకపోతే నెట్ ఉండాలి. కాల్ నడుస్తున్న ఫోన్‌లోనే దాన్ని తెరిస్తే మైకు కాల్ చేతిలో ఉంటుంది కాబట్టి దానికేమీ వినపడదు.

అందుకని రెండో ఫోన్ కావాలి. అది అమ్మది. మీరు నాన్న ఫోన్‌కే చేయండి. ఆయన స్పీకర్ ఆన్ చేసి బల్ల మీద పెడతారు, పక్కనే అమ్మ ఫోన్‌లో Live Transcribe తెరిచి ఉంటుంది, భాష తెలుగు, అక్షరాలు పెద్దవి. ఫ్యాన్ తగ్గించాలి, టీవీ ఆపాలి. మీరు ఒక్కో వాక్యం చెప్పి ఆగాలి. ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ అది తప్పు రాస్తుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కలగాపులగం చేస్తుంది. డబ్బు లెక్కలూ తారీఖులూ మందుల పేర్లూ ఉంటే ఆ తర్వాత మెసేజ్ పెట్టండి. ఇన్నాళ్లూ అమ్మ మీ మాటల్ని ఆయనకి మోసింది. ఇకమీదట ఆవిడ తన ఫోన్ ఇచ్చి పక్కన కూర్చుంటే చాలు, బరువు తగ్గుతుంది కూడా. ఈ మాట ఆవిడకి ముందే, ప్రేమగా, ఆవిడని తప్పుపట్టకుండా చెప్పి పెట్టండి.

ఈ ఆదివారం మీరు ఊరెళ్లండి. పక్కన కూర్చుని రెండు ఫోన్లతో ఒకసారి చేసి చూపించండి. తర్వాత పక్కగదిలోకి వెళ్లి ఆయన నంబరుకి చేసి, ఉద్యోగం ఎలా పోయిందో, ఇప్పుడు చేతిలో ఎంత ఉందో, ఆయనకి ఎందుకు చెప్పలేదో మీరే చెప్పండి. అక్షరాలు తెర మీదికి రావడానికి ఒకట్రెండు సెకన్లు పడుతుంది, ఆయన కళ్లజోడు సర్దుకుని చదవడానికి ఇంకొంచెం. ఆ ఖాళీలో తను అందుకుని మాట్లాడనని అమ్మ దగ్గర ముందే మాట తీసుకోండి. జవాబు ఆయన ఇవ్వాలి.