వెండర్ ఇచ్చిన వెండి కుందులు వెనక్కి పంపడం ఎలా?

ప్రశ్న: నేను మాదాపూర్‌లో ఒక ప్రైవేట్ కంపెనీలో అడ్మిన్ మేనేజర్‌ని. మా గృహప్రవేశానికి మా కంపెనీకి క్యాబ్‌లు నడిపే వెండర్ వచ్చి, స్వీట్లతో పాటు ఒక ప్యాకెట్ మా అమ్మ చేతికిచ్చారు. రాత్రి విప్పితే వెండి కుందులు! మా కంపెనీలో రెండు వేలు దాటిన గిఫ్ట్ తీసుకోకూడదు. అమ్మ తీసుకుంది కాబట్టి నేను తీసుకున్నట్టేనా? ఆయన పెద్దాయన, నొచ్చుకోకుండా ఏమని రాయాలి?

జవాబు: 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 122వ సెక్షన్ ప్రకారం, పుచ్చుకునేవారు గానీ వారి తరఫున మరొకరు గానీ అంగీకరిస్తేనే అది బహుమతి అవుతుంది. గుమ్మంలో అతిథి ఇచ్చిన ప్యాకెట్‌ను లోపల ఏముందో తెలియక అమ్మగారు అందుకోవడం మీ అంగీకారం కాదని గట్టిగా చెప్పవచ్చు. అదే కుందులు దేవుడి గదిలో చేరి నెలరోజులు దీపం వెలిగాక ఆ మాట నిలవదు. అందుకే వెంటనే పంపేయండి. శుక్రవారం లక్ష్మిని బయటికి పంపకూడదని అమ్మగారు అంటే గురువారమే ఇచ్చేయండి, వచ్చే వారానికి మాత్రం వాయిదా వేయకండి.

ఉత్తరం ఇలా రాయవచ్చు:

“........ గారికి నమస్కారాలు. మా గృహప్రవేశానికి వచ్చి ఆశీర్వదించారు, ఇంటిల్లిపాదికీ చాలా సంతోషం. మీరు తెచ్చిన స్వీట్లు అందరం తిన్నాం. వెండి కుందులు మాత్రం ఉంచుకోలేను. రెండు వేలు దాటిన కానుక ఏ వెండర్ దగ్గరా తీసుకోకూడదని మా కంపెనీ నియమం. అందుకే వాటిని భద్రంగా తిరిగి ఇస్తున్నాను. దయచేసి అన్యథా భావించకండి. అందినట్టు ఈ కాపీ మీద సంతకం చేయగలరు.”

ఇందులో ‘ఏ వెండర్ దగ్గరా’ అన్న మాట వదలకండి. తనొక్కడినే అనుమానించారన్న బాధ ఆయనకు కలగకుండా చేసేది అదే. ‘కాంట్రాక్ట్ రెన్యువల్ దగ్గర పడింది కాబట్టి ఇప్పుడు వద్దు’ అని అసలు రాయకండి. రెన్యువల్ అయ్యాక ఫర్వాలేదన్న అర్థం వస్తుంది, రేపు ఎంక్వైరీలో ఆ వాక్యమే మీకు అడ్డం తిరుగుతుంది. బిల్లుల ఊసూ వద్దు, లంచం అన్న మాట అసలే వద్దు.

కుందులను కొరియర్‌లో పంపితే మొహాన కొట్టినట్టుంటుంది. మీరే తీసుకెళ్లండి. ముందు ఫోటో తీసి, బరువు తూయించి, ఆ బరువు కాపీ మీద రాయండి. తర్వాత తగ్గిందన్న మాట రాదు. హెచ్ఆర్‌కు అదే రోజు విడిగా మెయిల్ పెట్టండి. ఆయనకిచ్చే ఉత్తరంలో ‘కాపీ టు హెచ్ఆర్’ అని కనబడితే ఫిర్యాదు చేశారనుకుంటారు. కుందులకు సరిపడా డబ్బు ఇచ్చేసి ఉంచుకుందామన్న ఆలోచన కూడా మంచిది కాదు, ఎంతకు కొన్నారన్న దగ్గర కొత్త పేచీ మొదలవుతుంది.

ఎంత చెప్పినా ఆయన తీసుకోకపోతే, ఇంటికి తిరిగి తేకుండా హెచ్ఆర్‌కు అప్పగించి రసీదు తీసుకోండి.