పోయిన కార్డు మీద 36,450 రూపాయల బిల్లు: మీ వంతు ఎంత?

ప్రశ్న: రెండో శనివారం ఉదయం పెళ్లికి వెళ్తూ బస్సులో పర్సు పోగొట్టుకున్నాను. అందులో క్రెడిట్ కార్డు, పిన్ రాసుకున్న చీటీ ఉన్నాయి. పెళ్లి హడావిడిలో మెసేజ్‌లు చూసుకోలేదు. శనివారమే ట్యాప్ చేసి 4,800, 4,650, 3,900 రూపాయలకు కొన్నారు. మంగళవారం పిన్ కొట్టి 18,200. బుధవారం ఉదయం 11:15కి కస్టమర్ కేర్‌కు చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకున్నాను. అయినా మధ్యాహ్నం 1:40కి ఇంకో 4,900 పోయింది. కార్డు లిమిట్ 2 లక్షలు. అజాగ్రత్తగా పోగొట్టుకున్నది మీరే కాబట్టి మొత్తం కట్టాలంటోంది బ్యాంకు. నిజమేనా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నిజం కాదండీ. అలాగని మొత్తం బ్యాంకే భరించాలని కూడా అనలేం. మీ లావాదేవీలు మూడు రకాలు, ఒక్కోదానికి లెక్క వేరు. 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం చూద్దాం.

ముందు తేలికైనది. బుధవారం మధ్యాహ్నం పోయిన 4,900 మీరు చెప్పాక జరిగింది. చెప్పిన తర్వాత జరిగే నష్టమంతా బ్యాంకుదే, అంతకు ముందు మీ తప్పు ఎంత ఉన్నా సరే. కార్డు ఎప్పుడు బ్లాక్ అయిందన్నది కాదు, మీరు ఎప్పుడు చెప్పారన్నదే లెక్క. అందుకే ఫిర్యాదు నంబరు, 11:15 అన్న సమయం జాగ్రత్తగా దాచుకోండి. చాలా స్టేట్‌మెంట్లలో తేదీ మాత్రమే కనిపిస్తుంది, కాబట్టి 1:40 అని చూపే ఎస్ఎంఎస్‌ను కూడా చెరిపేయకండి.

మంగళవారం నాటి 18,200 విషయంలో మాత్రం మీకు ఊరట చెప్పలేను. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టాన్ని, చెప్పేంతవరకు ఆయనే పూర్తిగా భరించాలి. కార్డు పక్కనే పిన్ చీటీ ఉండటం నిర్లక్ష్యమే అవుతుంది. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఒకచోట అబద్ధం దొరికితే మిగతా నాలుగింటి మీద కూడా మీ మాట నమ్మరు.

అసలు పోట్లాడాల్సింది శనివారం నాటి 13,350 గురించి. 5,000 రూపాయల వరకు పిన్ లేకుండా ట్యాప్ చేయవచ్చు. ఈ మూడూ అలా జరిగినవే, మీ చీటీతో వాటికి సంబంధం లేదు. సర్క్యులర్ నిర్లక్ష్యానికి ఇచ్చిన ఉదాహరణ పిన్, పాస్‌వర్డ్ లాంటి వివరాలు ఇతరులకు ఇవ్వడం. కార్డు పోవడమే నిర్లక్ష్యమని అందులో ఎక్కడా లేదు. పైగా బాధ్యత ఖాతాదారుదే అని రుజువు చేయాల్సిన భారం బ్యాంకుది. కాబట్టి ఒక్కో లావాదేవీ ట్యాప్‌తో జరిగిందా, పిన్‌తో జరిగిందా చూపమని, ఛార్జ్ స్లిప్పులు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. బ్యాంకు ఇక్కడ కూడా అజాగ్రత్త అనే వాదిస్తుంది, కానీ నా ఉద్దేశంలో మీ పక్షమే బలంగా ఉంది.

ఇక గడువు. తప్పు మీదీ బ్యాంకుదీ కానప్పుడు, సమాచారం అందాక మూడు పనిదినాల్లోగా చెబితే మీ బాధ్యత సున్నా. సమాచారం అందిన రోజును లెక్కించరు. శనివారం అందింది, ఆదివారం సెలవు. సోమ, మంగళ, బుధ: మీరు మూడో రోజున చెప్పారు, గడువులోనే ఉన్నారు. మెసేజ్ ఎప్పుడు చదివారన్నది మాత్రం లెక్కలోకి రాదు, ఎప్పుడు అందిందన్నదే ముఖ్యం.

ఒక్కరోజు ఆలస్యమై గురువారం చెప్పి ఉంటే? నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే, 5 లక్షల లోపు లిమిట్ ఉన్న కార్డుకు గరిష్ఠంగా 10,000 భరించాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ 10,000 మొత్తానికి కాదు, ఒక్కో లావాదేవీకి. లావాదేవీ విలువ అంతకంటే తక్కువైతే ఆ విలువంతా మనదే. మీ మూడు ట్యాప్‌లూ 5,000 లోపువే కాబట్టి ఆ పరిమితి వల్ల మీకు రూపాయి కూడా మిగిలేది కాదు, 13,350 మొత్తం మీ మీదే పడేది. ఏడు రోజులు దాటితే ఆ బ్యాంకు సొంత పాలసీ ఏం చెబితే అది.

కాబట్టి మీరు కట్టాల్సింది 18,200. మిగతా 18,250 గురించి మెయిల్‌లో రాసి, రసీదు తీసుకోండి. మీరు చెప్పిన నాటి నుంచి 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో ఫిర్యాదు తేల్చాలి. టెన్షన్‌లో బిల్లు మొత్తం ఆపేయకండి. మీ మామూలు ఖర్చులు, ఆ 18,200 గడువు తేదీలోపు కట్టేయండి. మోసం అని ఫిర్యాదు చేసిన మొత్తం మీద, అది తేలేదాకా బ్యాంకు ఛార్జీలు వేయకూడదు.

రాసి 30 రోజులైనా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు పాత పాటే అయినా cms.rbi.org.in లో, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. దానికి ఫీజు లేదు. బ్యాంకుకు రాసిన మెయిల్, 11:15 నాటి ఫిర్యాదు నంబరు, అయిదు ఎస్ఎంఎస్‌ల స్క్రీన్‌షాట్లు జతచేయండి.